కిచెన్ కొటేషన్ చేతికొచ్చాక, సంతకానికి ముందు ఎలా సరిచూడాలి?

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన వారంలోనే ఇంటీరియర్ వాళ్ల కొటేషన్లు వాట్సాప్‌లో వరస కడతాయి. ఒకరు ఎస్ఎఫ్‌టీ పద్నాలుగు వందలంటారు, ఇంకొకరు పద్దెనిమిది వందలంటారు. మనం ఆ రేటు పట్టుకుని బేరమాడి, ఎస్ఎఫ్‌టీకి ఓ యాభై తగ్గించుకుని సంబరపడతాం. నిజానికి కిచెన్‌లో డబ్బు ఎక్కువగా జారిపోయేది కొలతల్లో. ఆ తర్వాత, కొటేషన్‌లో అసలు రాయని పనుల్లో. ఈ రెండూ తేలాక రేటు గురించి మాట్లాడితే బేరానికి అర్థముంటుంది.

లెక్క కళ్లకు కట్టేలా ఉండటానికి ఒకే కిచెన్‌ని చివరిదాకా పట్టుకెళ్దాం. నిజాంపేట వైపు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి. వంటగది పది అడుగులు, ఎనిమిది అడుగులు. ఎల్ ఆకారంలో ప్లాట్‌ఫారం. ఎనిమిదడుగుల గోడకు సింకు, దానిపైన నాలుగడుగుల కిటికీ. పదడుగుల గోడకు స్టవ్, దానిపైన చిమ్నీ, ఇంకా పైన బిల్డర్ వేసిచ్చిన కాంక్రీటు సజ్జ. వచ్చిన కొటేషన్ ఇది:

కింది యూనిట్లు: 18 × 3 = 54 ఎస్ఎఫ్‌టీ, రేటు 1,600, మొత్తం 86,400
పై యూనిట్లు: 18 × 2 = 36 ఎస్ఎఫ్‌టీ, రేటు 1,400, మొత్తం 50,400
లాఫ్ట్: 10 × 2 = 20 ఎస్ఎఫ్‌టీ, రేటు 1,100, మొత్తం 22,000
హార్డ్‌వేర్, యాక్సెసరీస్: 45,000
రవాణా, ఫిట్టింగ్: 6,200
మొత్తం 2,10,000. దానిపై 18 శాతం జీఎస్టీ 37,800. వెరసి 2,47,800.

రేట్లన్నీ ఉదాహరణకు తీసుకున్నవి. మీ ఏరియాలో, మీరు ఎంచుకున్న ఫినిష్‌లో అవి మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ముందు డ్రాయింగ్ అడగండి

కొలతలు రాసిన డ్రాయింగ్ లేకుండా కొటేషన్‌ని సరిచూడటం కుదరదు. రంగురంగుల త్రీడీ బొమ్మ పంపించి "ఇదే సార్ మీ కిచెన్" అంటారు. దాంతో మనకు పనిలేదు. ప్రతి గోడనూ ఎదురుగా నిలబడి చూసినట్టు గీసి, ఒక్కో డబ్బా వెడల్పు, ఎత్తు, లోతు అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో రాసిన ఎలివేషన్ కావాలి. ఆ కాగితం, ఒక స్టీలు టేపు తీసుకుని ఫ్లాట్‌కు వెళ్లండి. గోడను నేల దగ్గర, నడుము ఎత్తులో, పైన కొలవండి. మూడూ ఒకటే రావు, అర అంగుళం అటూ ఇటూ ఉండటం మామూలే. వాటిలో తక్కువది రాసుకోండి.

కొలతను విడదీయండి

కింది యూనిట్లలో 18 అడుగులు ఎలా వచ్చింది? పది, ఎనిమిది కలిపారు. కానీ మూలలో రెండడుగుల లోతున్న డబ్బా రెండు గోడలకూ ఒక్కటే. పదడుగుల గోడ మొత్తం లెక్కేశాక, రెండో గోడ మీద మిగిలేది ఆరడుగులే. కాబట్టి అసలు పొడవు 16.

ఎత్తు మూడడుగులని రాశారు. నేల నుంచి గ్రానైట్ పైఅంచు దాకా మామూలుగా 33, 34 అంగుళాలు ఉంటుంది. మన డ్రాయింగ్‌లో డబ్బా 28 అంగుళాలు, కింద స్కర్టింగ్ 4 అంగుళాలు. అంటే చెక్కపని 32 అంగుళాలే, రెండడుగుల ఎనిమిది అంగుళాలు. గ్రానైట్ మందం చెక్కపని కాదు, దాన్ని ఎస్ఎఫ్‌టీలో కలపకూడదు. పదహారుని 2.67తో గుణిస్తే దాదాపు 43 ఎస్ఎఫ్‌టీ వస్తుంది. కొటేషన్‌లో ఉన్నది 54.

పై యూనిట్లలో ఇంకా విచిత్రం. 18 అడుగుల్లో కిటికీ కూడా ఉంది, చిమ్నీ చోటు కూడా ఉంది. చిమ్నీ 90 సెంటీమీటర్లది, అంటే మూడడుగులు. పదిలోంచి మూడు తీసేస్తే ఏడు. రెండో గోడ ఎనిమిదిలోంచి కిటికీ నాలుగు, మూలలో పై డబ్బా లోతు ఒక అడుగు తీసేస్తే మూడు. మొత్తం పదడుగులు, రెండడుగుల ఎత్తు, 20 ఎస్ఎఫ్‌టీ. కొటేషన్‌లో 36 ఉంది. అంటే మీ కిటికీ అద్దానికి కూడా ప్లైవుడ్ రేటు కట్టబోతున్నారన్నమాట.

లాఫ్ట్ దగ్గర కొలత సరే, పని స్వభావం వేరు. అక్కడ కాంక్రీటు సజ్జ ఇప్పటికే ఉంది. కావలసింది ఫ్రేమూ తలుపులే. అయినా పూర్తి డబ్బా రేటు 1,100 వేశారు. "ఫ్రేమ్, షట్టర్ మాత్రమే" అని విడిగా రేటు అడగండి. మన లెక్కలో 700 అనుకుంటే 14,000 అవుతుంది.

ఇదంతా కాగితం మీద చూపిస్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "సార్, మార్కెట్‌లో అందరూ గోడ నుంచి గోడకే కొలుస్తారు. మీరు చెప్పినట్టు కొలిస్తే మాకు రేటు గిట్టదు." దీనికి వాదన పెట్టుకోవద్దు. "సరే అన్నా, కొలత మాత్రం అసలుదే రాయండి, రేటు మీకు గిట్టేది చెప్పండి" అనండి. రేటు పెరుగుతుంది. పెరగనివ్వండి. కింద 1,800, పైన 1,500 దగ్గర కుదిరిందనుకుంటే 77,400, 30,000, లాఫ్ట్ 14,000, కలిపి 1,21,400. పాత కొటేషన్‌లో ఈ మూడూ కలిపి 1,58,800. రేటు పెంచి ఇచ్చాక కూడా 37,400 తగ్గింది. పైగా ఇప్పుడు మీ దగ్గరున్నది అసలు రేటు. వేరేవాళ్ల కొటేషన్‌తో పోల్చడానికి పనికొస్తుంది, రేపు ఒక డబ్బా పెంచినా తగ్గించినా అదే రేటుతో లెక్క తేలుతుంది.

ప్లై పేరు రాస్తే సరిపోదు, నంబరు రాయించండి

"వాటర్‌ప్రూఫ్ ప్లై" అని ఉంటే దానికి అర్థం ఏమీ లేదు. ఐఎస్ అంటే మన దేశ ప్రమాణం నంబరు. ఐఎస్ 710 అంటే మరిగే నీటికి కూడా ఊడని జిగురుతో చేసిన మెరైన్ రకం, బీడబ్ల్యూపీ అనేది దీన్నే. ఐఎస్ 303 కింద రెండు రకాలున్నాయి. ఎంఆర్ అంటే తేమను కొంతవరకే తట్టుకునే కమర్షియల్ ప్లై, బీడబ్ల్యూఆర్ దానికంటే గట్టిది. సింకు కింద డబ్బా, దాని పక్క డబ్బా, స్కర్టింగ్ దగ్గర ఐఎస్ 710 తప్ప ఇంకేదీ ఒప్పుకోవద్దు. పై యూనిట్లకు, లాఫ్ట్‌కు బీడబ్ల్యూఆర్ చాలు. అక్కడ కూడా 710 వేసి డబ్బు పెంచుతామంటే నాకైతే అవసరం అనిపించదు.

కొటేషన్‌లో ఇలా ఒక వాక్యం రాయించండి: డబ్బాలు 18 మిల్లీమీటర్ల ప్లై, ఐఎస్ నంబరు ఇంత, బ్రాండు ఫలానా, వెనక పలక ఇన్ని మిల్లీమీటర్లు, బయట లామినేట్ ఒక మిల్లీమీటరు, లోపల లామినేట్ ఇంత. వెనక పలకను చాలామంది మర్చిపోతారు. అక్కడే చెక్కపొడితో చేసిన సన్నటి ఎండీఎఫ్ పలక పెట్టేస్తారు, రెండేళ్లలో సింకు వెనక బూజు పట్టి ఉబ్బేది అదే.

షీట్లు దిగిన రోజు ప్రతి షీటు మీద ముద్ర చూడండి. ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ నంబరు, సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. షీటు మీద పేరు, యాప్‌లో పేరు ఒకటే కావాలి. ఫ్యాక్టరీలో కోసి తెచ్చే డబ్బాల మీద ముద్ర కనబడదు. అప్పుడు కోసిన ముక్క ఒకటి అడిగి తీసుకుని, గిన్నెలో నీళ్లుపోసి మూడు నాలుగు గంటలు మరిగించండి. ఐఎస్ 710 ప్రమాణంలో పరీక్ష 72 గంటలు, మనం అంతసేపు గ్యాస్ కాల్చక్కర్లేదు. నాసిరకం ముక్క ఈ కాస్త సమయంలోనే పొరలు విడిపోతుంది.

హార్డ్‌వేర్ గంపగుత్తగా వద్దు

"హార్డ్‌వేర్, యాక్సెసరీస్ 45,000" అన్న ఒక్క లైను మొత్తం కొటేషన్‌లో అన్నిటికంటే అనుమానించాల్సింది. ఏ వస్తువు, ఏ బ్రాండు, ఏ మోడలు, ఎన్ని, ఒక్కోటి ఎంత అని విడదీసి ఇమ్మనండి. మన ఉదాహరణలో విడదీస్తే టాండెమ్ డ్రాయర్లు మూడు, ఒక్కోటి 5,000 చొప్పున 15,000. మూల డబ్బాలో తిరిగే ట్రే 9,500. బాటిల్ పులౌట్ 4,500. సాఫ్ట్ క్లోజ్ హింజులు 40, ఒక్కోటి 150 చొప్పున 6,000. హ్యాండిళ్లు, స్పూన్ల ట్రే 3,000. కలిపితే 38,000. మిగతా ఏడు వేలకు పేరు లేదు, అడిగితే "స్క్రూలు, ఫెవికాల్" అంటారు. అవి ఎస్ఎఫ్‌టీ రేటులోనివి.

హింజుల లెక్క మీరే వేసుకోవచ్చు. డ్రాయింగ్‌లో తలుపులు లెక్కపెట్టి రెండుతో గుణించండి. మరీ పొడవైన తలుపుకు మూడు పడతాయి. బ్రాండు దగ్గర ఒక మెలిక ఉంది. ఒకే కంపెనీలో మామూలు హింజూ ఉంటుంది, సాఫ్ట్ క్లోజూ ఉంటుంది, ధరలో తేడా బాగా ఉంటుంది. అందుకే కంపెనీ పేరు ఒక్కటే చాలదు, మోడలు నంబరు కావాలి. ఆ నంబరు పట్టుకుని రాణిగంజ్‌లో రెండు హార్డ్‌వేర్ షాపుల్లో ధర అడిగితే, కొటేషన్‌లో ఎంత కలిపారో అరగంటలో తెలిసిపోతుంది. పది పదిహేను శాతం ఎక్కువుంటే పట్టించుకోను, తెచ్చి బిగించేది వాళ్లే కదా.

కొటేషన్‌లో లేనివి

చివరి పేజీలో చిన్న అక్షరాల్లో "కస్టమర్ స్కోప్" అని ఉంటుంది. అసలు ఖర్చు అక్కడ దాక్కుంటుంది. గ్రానైట్, గోడకు డేడో టైల్స్, సింకు, కుళాయి, కరెంటు పాయింట్లు, ప్లంబింగ్, చెత్త తరలింపు మీవే అని అర్థం.

గ్రానైట్ ఒక్కటి కాస్త వివరంగా చూడండి. ఒంగోలు దగ్గర చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కావచ్చు, కరీంనగర్ టాన్ బ్రౌన్ కావచ్చు, షాపులో చెప్పే రేటు రాయికే. మన ప్లాట్‌ఫారం 16 అడుగుల పొడవు, రెండడుగుల పైచిలుకు వెడల్పు, అంటే 33, 34 ఎస్ఎఫ్‌టీ. కానీ పలక కోతలో పోయేది పోగా కొనాల్సింది దాదాపు 40. పైగా ముందు అంచు పాలిష్ రన్నింగ్ ఫీట్ లెక్కన, సింకుకూ, పలకలో దింపే హాబ్ స్టవ్‌కూ రంధ్రాలు ఒక్కోదానికి ఇంత అని, బిగింపు కూలి మళ్లీ వేరు. రాయి, పనీ కలిపి 20,000 అనుకుందాం. టైల్స్ 9,000, సింకు కుళాయి 12,000, కరెంటు పాయింట్లు 6,000, ప్లంబింగ్ 5,000. మొత్తం 52,000.

కరెంటులో మైక్రోవేవ్‌కూ ఓవెన్‌కూ 16 ఆంపియర్ల పాయింటు కావాలి, చిమ్నీకీ ఆర్వోకీ 6 చాలు. డబ్బాలు బిగించాక పాయింటు గుర్తొస్తే వెనక పలక కోయాలి, కాబట్టి ఇది డ్రాయింగ్ దశలోనే తేల్చుకోండి.

సరిచేసిన చెక్కపని లెక్క ఇప్పుడు ఇలా ఉంది: 1,21,400, హార్డ్‌వేర్ 38,000, రవాణా 6,200, కలిపి 1,65,600. జీఎస్టీ 29,808. మొత్తం దాదాపు 1,95,400. దీనికి 52,000 కలిపితే 2,47,400. మొదటి కొటేషన్ మొత్తమూ ఇంతే. అప్పుడు గ్రానైటు, సింకు లేకుండా అంత. ఇప్పుడు అవి కలుపుకుని అంత.

జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే. పన్ను వేసినవాళ్ల జీఎస్టీ నంబరు తీసుకుని gst.gov.in లో వెతకండి. తెలంగాణలో నమోదైతే నంబరు 36తో మొదలవుతుంది. అక్కడ కాంపోజిషన్ పద్ధతి అని కనిపిస్తే వాళ్లు మీ దగ్గర విడిగా జీఎస్టీ వసూలు చేయకూడదు. "బిల్లు వద్దంటే 18 శాతం మిగులుతుంది సార్" అనేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే రేపు తలుపు ఊడినా, మనిషి ఫోన్ ఎత్తకపోయినా, చూపించడానికి మీ చేతిలో కాగితం ముక్క ఉండదు.

అదనానికి ఎంత పక్కన పెట్టాలి

అంతా కలిపి పది శాతం అని గుడ్డిగా పెట్టుకోవడం కంటే, ఖర్చు ఎక్కడ పెరుగుతుందో చూసి పెట్టుకోవడం మేలు. కొలతలు, మోడళ్లు, రేట్లు కాగితం మీద గట్టిగా రాయించుకున్నాక చెక్కపని పెద్దగా పెరగదు. గోడ వంకరగా ఉంటే ఒక ఫిల్లర్ పట్టీ, మనసు మారితే ఒక డ్రాయరు, అంతే. దానికి 5 శాతం, అంటే 9,770. పెరిగేదల్లా గోడలోపల ఉన్నదాంతో. సింకు పైపు అనుకున్న చోట ఉండదు, వెనక బాత్‌రూమ్ గోడలోంచి చెమ్మ కనిపిస్తుంది, గ్రానైట్ పలక రంధ్రం కోస్తుండగా చీలుతుంది. ఆ 52,000 మీద 20 శాతం, 10,400 పెట్టుకోండి. రెండూ కలిపి ఇరవై వేల పైచిలుకు. పాత ఫ్లాట్ అయితే రెండో భాగం 30 శాతం చేయండి, అక్కడ పైపులే మార్చాల్సి రావచ్చు.

ఈ డబ్బు మీ బ్యాంకులో ఉండాలి, కొటేషన్‌లో ఉండకూడదు. "మిస్లేనియస్ 5 శాతం" అన్న లైను కనిపిస్తే కొట్టేయించండి. మీ దగ్గర ఇంత అదనం ఉందన్న సంగతి కూడా చెప్పక్కర్లేదు. పని మధ్యలో ఏదైనా కొత్తగా వస్తే ముందు వాట్సాప్‌లో "ఈ పని, ఇంత కొలత, ఇంత రేటు, మొత్తం ఇంత" అని రాయించుకుని, మీరు ఓకే అన్నాకే పని మొదలవ్వాలి. "చివర్లో చూసుకుందాం సార్" అన్న మాట చివర్లో ముప్పై వేలవుతుంది.

డబ్బు ఏ దశలో ఎంత

మామూలుగా వాళ్లడిగేది ఇలా ఉంటుంది: బుకింగ్‌కు 10 శాతం, తయారీకి ముందు 50, ఫ్యాక్టరీ నుంచి బయల్దేరే ముందు 40. అంటే ఒక్క డబ్బా మీ ఇంట్లో దిగకముందే వందకు వంద శాతం ఇచ్చేశారు. ఆ తర్వాత ఫిట్టర్ ఎప్పుడొస్తాడన్నది వాళ్ల దయ.

దాన్ని ఇలా మార్చమని అడగండి. మన 1,95,400 మీద లెక్కేస్తే, చివరి కొలతలతో డ్రాయింగ్ మీద సంతకాలయ్యాక 10 శాతం, 19,540. మెటీరియల్ ఆర్డరుకు 40 శాతం, 78,160. డబ్బాలు, తలుపులు, హార్డ్‌వేర్ ఇంటికి దిగి, మీరు లెక్కచూసుకున్నాక 30 శాతం, 58,620. బిగింపు పూర్తయ్యాక 15 శాతం, 29,310. చివరి 5 శాతం, 9,770, మూడు నాలుగు వారాలు వంట చేశాక.

ఇందులో ప్రమాదం ఎక్కువున్నది రెండో దశ. డబ్బు పోతుంది, చేతికి ఏమీ రాదు. కాబట్టి ఆ 40 శాతానికి బదులుగా మెటీరియల్ కొన్న బిల్లు కాపీ, ఫ్యాక్టరీలో మీ పేరు రాసిన ప్యానెళ్ల ఫోటోలు అడగండి. వర్క్‌షాప్ బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ఉంటే స్వయంగా వెళ్లి చూడటం ఇంకా మంచిది. పెద్ద బ్రాండు షోరూములు తమ దశలు మార్చడానికి సాధారణంగా ఒప్పుకోవు. అప్పుడు కనీసం చివరి 40లో 10 శాతమైనా బిగింపు తర్వాతకు జరిపించండి. అదీ కుదరదంటే, వారంటీ, ఫిట్టింగ్ తేదీ, ఆలస్యమైతే వారానికి ఎంత తగ్గిస్తారో ఒప్పందంలో రాయించాకే ముందుకు వెళ్లండి.

ఇంట్లోనే కార్పెంటర్‌తో చేయించుకుంటుంటే పద్ధతి వేరు. ప్లై, లామినేట్, హార్డ్‌వేర్ డబ్బులు నేరుగా షాపుకు మీరే కట్టండి, బిల్లు మీ పేరు మీద ఉండాలి. కార్పెంటర్‌కు కూలి మాత్రం పని జరిగినంత మేరకు వారంవారం ఇవ్వండి. అడ్వాన్సు ఒక వారం కూలి దాటకూడదు. పక్క సైటుకు పోయిన మేస్త్రీని వెనక్కి రప్పించేది మీ దగ్గర మిగిలిన బాకీ ఒక్కటే.

చివరి చెల్లింపుకు ముందు

బిగింపు అయ్యాక మళ్లీ టేపు తీయండి. కట్టిన డబ్బాల పొడవు, ఎత్తు కొలిచి, అసలు ఎస్ఎఫ్‌టీ మీద ఫైనల్ బిల్లు వేయించండి. 43కు బదులు 42 వస్తే ఆ ఒక్క ఎస్ఎఫ్‌టీ డబ్బూ, దాని మీద జీఎస్టీ కూడా తగ్గాలి. హింజుల మీద సాధారణంగా కంపెనీ పేరో నంబరో చెక్కి ఉంటుంది, రెండు మూడు తలుపులు తెరిచి కొటేషన్‌తో పోల్చండి. డ్రాయర్లను కుక్కర్లు, గిన్నెలు పెట్టి బరువుతో లాగండి. ఖాళీగా సాఫీగా జరిగేది బరువుతో బిగుసుకుంటే ఛానెల్ వంకరగా బిగించారు. సింకు కింద డబ్బాలో పాత న్యూస్‌పేపర్ పరచి, సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి చూడండి. మర్నాటికి పేపరు మీద తడి మరక ఉంటే ఆ 9,770 మీ దగ్గరే ఉంచి, ప్లంబర్‌ను పంపమనండి.